ధ్రువుడికి మాటలు సున్నా

తిప్పన్న అయివారి పెద్దకర్మ నాడు ఆయన కోడలు నా చేతిలో ఒక నోటు పుస్తకం పెట్టింది. "మీ రాతే కదన్నా ఇది? మా మామ హార్మోనియం పెట్టె అడుగున ఉండె" అంది. అట్ట ఊడిపోయి, అంచులు చెదలు తిన్న పుస్తకం. తెరవగానే వేషాలకు ముఖాన పూసే జింకుపొడి వాసన వచ్చిందని అనుకున్నాను. ముప్పై ఏళ్ళు దాటాక ఏ కాగితానికీ ఆ వాసన నిలవదు, అది నా తలలోని వాసనే అయి ఉంటుంది. ఎడమ పక్క ఆయన చెబితే నేను రాసుకున్న మాటలు, పాటలు. కుడి పక్క నేను గీసిన గళ్ళు: ఏ రంగానికి ఎన్ని నిముషాలు, ఏ పాటకు ఎన్ని, ఏ పిల్లకు ఎన్ని మాటలు. చివరి పుట దాకా అక్కడక్కడా ఎర్ర పెన్సిలు గీతలు. అవి కూడా నావే. ఎర్ర రంగు మాత్రం ఏమీ వెలిసిపోలేదు.

నేను పదో తరగతితో బడి మానేసినవాణ్ణి. లెక్కలు మాత్రం ఎవరూ కూర్చోబెట్టి నేర్పకుండానే వచ్చాయి. చేను కొలవాలన్నా, బోరు రెండు గంటలు నడిస్తే ఎన్ని సాళ్ళు తడుస్తాయో చెప్పాలన్నా, మా ఊళ్ళో ఇప్పటికీ నన్నే పిలుస్తారు. సోమందేపల్లె నుంచి లోపలికి వస్తే మాది రెండు మైళ్ళు. ఎర్రమన్ను, బండగుండ్లు, వేరుశనగ చేలు, మా మాటలో చెనిక్కాయ చేలు. మా అవ్వ రోజూ పొద్దున వాకిట్లో నిలబడి పడమటి దిక్కు చూసి, మోడం, అంటే వాన మబ్బు, లేదని తేల్చుకున్నాకే పొయ్యి ముట్టించేది. సంగటి కెలికే కట్టె కుండకు తగిలే చప్పుడు బట్టి టైము చెప్పగలిగేవాణ్ణి. పందొమ్మిదేళ్ళ వయసులో నా చేతికి ఒక గడియారం వచ్చింది. సెకండ్ల ముల్లు ఉన్నది. అది వచ్చాక కనబడిన ప్రతిదాన్నీ కొలిచాను. గంగిరెద్దుల సన్నాయి ఎంతసేపు, మా నాయన బీడీ ఎంతసేపు, మబ్బు నీడ మా చేను దాటడానికి ఎంతసేపు. ఆ గడియారం చూసే తిప్పన్న అయివారు నన్ను పిలిచాడు.

ఆయన బడి అయివారు కాదు, నాటకాల అయివారు. వయసులో ఉన్నప్పుడు ఊరూరా తిరిగి హార్మోనియం వాయించి, కాళ్ళు వాచడం మొదలైనాక మా ఊళ్ళో నిలిచాడు. కృష్ణాష్టమికి మా ఊళ్ళో ఉట్లు కొడతారు. జిగురు, ఆముదం పూసిన మాను ఎక్కే ఆట అది. ఉట్లకు ముందు, ఎండ తగ్గే నాలుగు గంటలకు, గుడి ముందర బండల మీద పిల్లల చేత ఆయన ఒక చిన్న భక్తి నాటకం వేయించేవాడు. పగలే ఎందుకంటే, రాత్రి కరెంటును నమ్ముకుని ముఖానికి రంగు పూసుకోకూడదని ఆయన సూత్రం.

ఆ ఏడు ధ్రువుడి కథ. ఐదు రంగాలు. తండ్రి తొడ ఎక్కబోయిన పిల్లవాణ్ణి సవతితల్లి సురుచి దించివేయడం ఒకటి, కన్నతల్లి సునీతి దగ్గర ఏడవడం రెండు, దారిలో నారదుడు మూడు, అడవిలో తపస్సు నాలుగు, విష్ణువు ప్రత్యక్షం కావడం ఐదు. రంగానికీ రంగానికీ నడుమ ఒక పాట, మొత్తం నాలుగు. ఐదో రంగం చివర ధ్రువుడు పాడే పాట వేరే. ఆయన నవారు మంచం మీద కూర్చుని చెబుతుంటే నేను రాసుకునేవాణ్ణి. చెబుతూ చెబుతూ ఎందుకో కూడా చెప్పేవాడు. పిల్లల మాట ఒక్క ఊపిరిలో అయిపోవాలి. ఐదు పదాలు దాటితే ఆరో పదం గాలిలో పోతుంది. ప్రతి పిల్లా తన మాటతో పాటు ముందు పిల్ల చివరి మాట కూడా నేర్చుకోవాలి, అదే అందింపు. ఇద్దరు మరుపు పిల్లలను పక్కపక్కన పెట్టకూడదు, నడుమ ఒక గట్టి పిల్ల ఉండాలి. మరీ చిన్నవాళ్ళకు మాటలు వద్దు, అడవిలో జింకలను చేస్తే చాలు, జింకలకు తోకలు కుట్టడానికి వాళ్ళ అమ్మలు వస్తారు, అమ్మలు వస్తే ఊరు వచ్చినట్టే.

"నడుమ పాట ఎందుకు పెడతారో తెలుసునా అప్పా?" అని అడిగాడొకసారి.

"కథ నడిచిందని చెప్పేదానికి."

"అదొకటి. ధ్రువుడు రాజు కొడుకు. రెండో రంగంలో పట్టుబట్ట, మూడో రంగంలో నారచీర. తెర ఎనకాల ఆ బట్ట మార్చేదానికి మూడు నిముషాలు. అడవి రంగంలో బోయ వేసే పిల్లోడే విష్ణువు గదా, మీసం పెరికి నీలం పూసేదానికి నాలుగు. ఆ సేపు జనం కూచోవల్ల. మాటను సాగదీస్తే తెగుతాది. పాటైతే రబ్బరు. పల్లవి ఇంగోసారి అంటే ఇంగో అర నిముషం."

తెర వెనక వేషం కట్టే మనిషి పని కాగానే పెట్టె మూత మీద రెండుసార్లు తట్టాలి. ఆ చప్పుడు వినగానే అయివారు చివరి పల్లవికి వచ్చేస్తాడు. చూసేవాళ్ళకు పాట అక్కడ ముగియాలని ముందే రాసిపెట్టినట్టుంటుంది. నాకు ఇది ఎంత నచ్చిందంటే, నాలుగు పాటలకూ వేషానికి పట్టే సేపును పక్కపక్కన వేసి గళ్ళు గీశాను. రంగాల లోపలి మాటా పాటా కలిపి ఇరవైనాలుగు నిముషాలు, నడిమి పాటలు పదహారు, ధ్రువుడి చివరి పాట నాలుగు, మంగళం ఒకటి. నలభై ఐదు. నాలుగుకు మొదలైతే పావు తక్కువ ఐదుకు ముగింపు, ఐదుకు ఉట్లు.

ఎవరికి ఎన్ని మాటలన్న గళ్ళు కూడా వేశాను. సురుచికి పద్నాలుగు. ఆమె ఊరి పెద్ద ఓబులేసు మనవరాలు. నారదుడికి పదహారు, సునీతికి పదకొండు. ఒక్కో ఇంటి పిల్లకు కనీసం ఒకటి, లేకపోతే మరునాడు ఆ ఇంటి నుంచి అభ్యాసానికి పిల్ల రాదు. కూడుతూ కూడుతూ వచ్చి ధ్రువుడి దగ్గర ఆగాను. సున్నా. నాటకమంతా ఎవరిదో వాడికి ఒక్క మాట లేదు. తండ్రిని అడిగేది రెండు చరణాల పాట, తల్లికి చెప్పేది పాట, నారదుడికి జవాబు పాట. గొప్ప తప్పు పట్టుకున్నానని పుస్తకం పట్టుకుని పోయాను.

"అయివారా, ధ్రువుడికి మాటలు సున్నా."

"తెలుసు. అది అట్లే ఉండనీ" అన్నాడు.

ధ్రువుడు వేసేది రత్న. తొమ్మిదేళ్ళ పిల్ల. వాళ్ళమ్మ మారెమ్మ చెనిక్కాయ చేలల్లో కలుపు తీసేది. రత్నకు నత్తి. మామూలు నత్తి కాదు, మాట గొంతులో పట్టుకుంటే కళ్ళు మూతలు పడి, మెడ నరం లేచి, ఎదుటివాళ్ళకే ఊపిరి ఆడేది కాదు. బడిలో అయివారు "దీన్ని ఇంగ పంపొద్దు, ఉన్నా లేనట్లే" అని చెప్పి పంపాడు. మారెమ్మ వచ్చి తిప్పన్న అయివారి అరుగు కింద నిలబడి చెప్పిన మాటలు నేను విన్నాను.

"సామీ, నా బిడ్డ మూగది గాదు. కలుపు తీసేకాడ పాట ఎత్తితే వంకలో నీళ్ళు పోయినట్ల పోతాది. పాటలో మాట ఆగదు సామీ దానికి. ఎవురూ నమ్మరు."

"నమ్మేటట్ల చేద్దాం లేమ్మా. ఉట్ల పండగనాడు ఊరి ముందర నిలబెడదాం. ఆ పొద్దు బడయివారు గూడా ఉంటాడు" అన్నాడాయన.

అందుకే ధ్రువుడి కథ తీసుకున్నాడని అప్పుడు నాకు తట్టలేదు. కథలో విష్ణువు ఎదుట నిలబడగానే ధ్రువుడికి మాట రాదు. స్వామి తన శంఖాన్ని పిల్లవాడి చెంపకు తాకిస్తాడు. అప్పుడు నోరు తెరుచుకుంటుంది. ఆ చోటికి అయివారు ఒక పాట కట్టాడు.

అడగవచ్చిన మాట మరచితినయ్యా
అడగకున్నా నీకు తెలియదా అయ్యా

రత్న గొంతుకు శ్రుతి వెతకడానికే రెండు రోజులు పట్టింది. హార్మోనియం మెట్ల మీద ఒక్కొక్కటే పైకి పోతూ, ఆమె భుజాలు బిగుసుకున్న చోట ఆగి, ఒక మెట్టు దిగి, "ఇదీ నీ ఇల్లు" అన్నాడు. ఆ మెట్టు మీద ఆ పిల్ల పాడుతుంటే, పక్కింట్లో రోట్లో కారం దంచుతున్న మా చిన్నమ్మ రోకలి ఆపేది. సున్నా ఎందుకో కూడా నాకు అప్పటికి అర్థమయ్యే ఉండాలి. అర్థం కాలేదని ఇప్పుడు చెబితే అబద్ధమవుతుంది. నాకు తెలుసు. తెలిసీ గడిలో సున్నా కనబడితే చేయి ఊరుకోలేదు.

పండగనాడు పొద్దునే అయివారు వేషాల పెట్టెకు హిందూపురం పోయాడు. మధ్యాహ్నం పన్నెండుకు ఓబులేసు మనిషిని పంపి నన్ను పిలిపించాడు. ఉట్లు మొదలుపెట్టడానికి వచ్చే నాయకుడు ఐదుకు కాదు, నాలుగున్నరకే వస్తాడట.

"ఏమప్పా లెక్కలాయప్పా, పదైదు నిముషాలు తగ్గీయల్ల నాటకం."

"అయివారు లేడు కదా పెద్దనాయనా."

"ఆయప్ప ఉంటే రబ్బరు రబ్బరు అని సాగదీస్తాడు. నువ్వైతే కత్తెర ఏస్తావు. వచ్చినాయప్పను ఎండలో నిలబెట్టి జింకలాట చూపించమంటావా?"

నన్ను ఒక పెద్దమనిషి పని అడగడం అదే మొదలు. గుడి నీడలో కూర్చుని ఎర్ర పెన్సిలు తీశాను. జింకల ఆట సగం, నాలుగు నిముషాలు. నారదుడి బోధలో మూడు, ఆ పిల్లవాడు మా పెదనాన్న కొడుకు, సర్దిచెప్పుకోగలను. నడిమి పాటలు నాలుగింటిలో రెండేసి పల్లవులు, ఒక్కో నిముషం. అంతకన్నా తగ్గిస్తే వేషం మారదు. మొత్తం పదకొండు. ఇంకా నాలుగు కావాలి. సురుచి మాటలు తీస్తే ఓబులేసు ఇల్లు. సునీతి మాటలు తీస్తే పై వీధి. ఎక్కడ పెన్సిలు పెట్టినా ఒక ఇల్లు లేచి నిలబడింది. ధ్రువుడి చివరి పాట సరిగ్గా నాలుగు నిముషాలు. ఆ పాట వెనక లేచి నిలబడే ఇల్లు లేదు. గీత కొట్టి, దాని బదులు ఒక్క మాట రాశాను: "స్వామీ, నాకు చెరగని స్థానం ప్రసాదించండి." పది సెకండ్లు.

రత్నను పిలిచి ఆ నీడలోనే చెప్పించాను. ఆమె నా ముఖం చూసింది, పాట ఏమైందని అడగలేదు. ఆరుసార్లు చెప్పించాను. ఐదుసార్లు సరిగ్గా చెప్పింది. ఒక్కసారే "ప్ర" దగ్గర ఆగింది. ఆరింట ఐదు. ఏ లెక్కన చూసినా మంచి పాళ్ళు. మనిషి ఒక్కడు ఎదురుగా ఉన్నప్పుడు ఐదు, ఊరంతా ఉన్నప్పుడు ఎంత అని నేను వేసుకోలేదు. ఆ లెక్కకు గడియారం పనికిరాదు.

అయివారు మూడున్నరకు పెట్టెతో దిగాడు. ముఖాలకు అర్దళం పూస్తున్నారు. ఆ పసుప్పచ్చ రంగుపొడిని కొబ్బరినూనెతో కలిపి రుద్దితే ఆ వాసనకే పిల్లలు దేవతలైపోయినట్టు గమ్మున కూర్చునేవాళ్ళు. ఎన్ని నిముషాలు ఎక్కడ తీశానో చెప్పాను. వింటూ తలాడించాడు. చివరిది చెప్పగానే తల ఆగింది.

"దాన్ని ముట్టద్దు."

"ఓబులేసు పెద్దనాయన ఒప్పుకోడు అయివారా. నాలుగున్నరకు వాళ్ళు వస్తాండారు. పాప ఆరింట ఐదుసార్లు చెప్పింది."

ఆయన ఏదో అనబోయాడు. ఇంతలో ఓబులేసు వచ్చి "కానీండప్పా, జనం చేరినారు" అన్నాడు. ఆయన్ని హార్మోనియం ముందరికి తోశారు.

నాలుగు రంగాలు నా గళ్ళ ప్రకారమే నడిచాయి. అందింపుకు అందింపు కలిసింది. ఒక జింక తోక ఊడి నవ్వులు పడ్డాయి, అంతే. రత్న తండ్రిని అడిగే పాట ఎత్తగానే బడి అయివారు కుర్చీలో ముందుకు వంగాడు. మారెమ్మ జనం చివర, చెప్పులు విడిచిన చోట నిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. నేను తెర పక్కన పుస్తకం పట్టుకుని మాట అందించే పనిలో ఉన్నాను.

ఐదో రంగం. విష్ణువు వచ్చాడు. ధ్రువుడి చెంపకు శంఖం తాకించాడు. సరిగ్గా అప్పుడు అయివారు, ఎవరూ చెప్పకుండానే, ఆ పాట మెట్టు మీద వేలు పెట్టి నిలిపాడు. ఆ పిల్ల ఇంటి మెట్టు. రత్న అటు తిరిగింది. నోరు తెరిచింది. అదే సమయానికి ఉట్లమాను దగ్గర ఎవడో "కారు! కారు వచ్చె!" అని కేక పెట్టాడు. రోడ్డు మీద దుమ్ము లేచింది. గడియారం చూశాను, నాలుగూ ఇరవైతొమ్మిది. తెర పక్క నుంచి గట్టిగా అందించాను.

"స్వామీ, నాకు..."

రత్న నా వైపు చూసింది. అటు శ్రుతి, ఇటు నేను. మధ్యాహ్నమంతా ఆరుసార్లు చెప్పించినవాణ్ణి కదా, నా మాటే విన్నది.

"స్... స్... స్..."

మెడ నరం లేచింది. కళ్ళు మూసుకున్నాయి. నేను మళ్ళీ అందించాను, ఇంకా గట్టిగా. విష్ణువు వేషం వేసిన పిల్లవాడు ఎనిమిదేళ్ళవాడు. శంఖం పని చేయలేదనుకున్నాడు కాబోలు, రెండో చెంపకు కూడా తాకించాడు. ఊరు విరగబడి నవ్వింది. అది చూసి వాడు మళ్ళీ మొదటి చెంపకు తాకించాడు. ఉట్లమాను దగ్గరి పడుచువాళ్ళు "ఇంగోటి! ఇంగోటి!" అని అరిచారు. హార్మోనియం శ్రుతి ఇంకా ఆగలేదు. ఆ నవ్వులో అది ఎవరికీ వినబడలేదు. బడి అయివారు వెనక్కి ఆనుకుని కూర్చున్నాడు.

తెర లాగింది నేనే. మారెమ్మ జనంలోంచి తోసుకుంటూ వచ్చి, పిల్ల ముఖం మీది అర్దళాన్ని నూనె కూడా లేకుండా కొంగుతో తుడుస్తూ తీసుకుపోయింది. చెవుల వెనక ఆ పచ్చదనం వారం దాకా పోలేదు.

ఆ కారు మా ఊరికి రాలేదు, మలుపు దాటి ముందుకు పోయింది. నాయకుడు ఐదూ యాభైకి వచ్చాడు. పిల్లలు రంగులతోనే నిలబడి, చెమటకు దేవుళ్ళందరూ కరిగిపోయాక వచ్చాడు. ఎనభై నిముషాలు. నాలుగు నిముషాల పాట ఇరవైసార్లు పాడవచ్చు. ఆ భాగహారం అక్కడే, ఆ బండల మీదే వేశాను. వద్దనుకున్నా జరిగిపోయింది.

అయివారు హార్మోనియం తిత్తి మూసి, కొక్కెం పెట్టి, తల ఎత్తకుండా అడిగాడు.

"లెక్క సరిపాయెనా అప్పా?"

"సరిపోయింది అయివారా" అన్నాను. ఆ వయసులో అడిగినదానికి జవాబు చెప్పడమే తెలుసు.

ఆ తర్వాత ఆయన భజనలకు వాయించాడు గానీ పిల్లల నాటకం మళ్ళీ కట్టలేదు. నన్ను ఒక్క మాట అనలేదు. నేను పోతే మజ్జిగ ఇప్పించేవాడు. రత్న బడికి పోలేదు. పోయినా ఏం లాభం ఉండేది కాదు, నోరు తెరిస్తే చాలు ఎవడో ఒకడు "శంకు తేవల్నా?" అనేవాడు. ఆ మాట ఆమెకు పేరైపోయింది. పెళ్ళయి అత్తగారి ఊరికి పోతే పేరు కూడా వెంట పోయింది. కలుపు తీసే చోట కూడా ఆమె పాట ఎత్తలేదని మారెమ్మ పోయేముందు మా అవ్వతో చెప్పిందట.

ఇప్పుడు ఉట్లకు పిల్లల నాటకం మళ్ళీ వేస్తున్నారు. మాటలు, పాటలు ముందే ఎవరి చేతనో పలికించి ఫోనులో పెట్టుకుంటారు. పెద్ద స్పీకర్లలో అది వస్తుంటే పిల్లలు పెదవులు కదిపితే చాలు. ముప్పై నిముషాలంటే ముప్పై నిముషాలే. వేషం ఆలస్యమైతే ఫోను ఆపుతారు, పెట్టె మూత తట్టే పని లేదు. ఏ పిల్లా తప్పు చెప్పదు. పోయిన ఏడు నన్ను ముందు వరసలో కూర్చోబెట్టి "ఎట్లుండాదన్నా, సెకండు తేడా లేదు సూడు" అన్నారు. నేను ఒకప్పుడు కోరుకున్న నాటకం అదే. మధ్యలో లేచి వచ్చేశాను.

పెద్దకర్మ బంతిలో రత్నమ్మ నాకు ఎదురుగా కూర్చుంది. నలభై దాటిన మనిషి, జుట్టు ముందు భాగం నెరిసింది. నన్ను చూసి గుర్తుపట్టింది. పుస్తకం నా తొడ మీద ఉంది. భోజనాలయ్యాక చేయి కడుక్కునే చోట, ఇన్నేళ్ళు దాచుకున్న మాటను మొదలుపెట్టాను. "రత్నమ్మా, ఆ పొద్దు ఆ పాట తీసేసింది ఓబులేసు గాదు, అయివారు గాదు. నేనే."

ఆమె చెంబు కింద పెట్టింది. పుస్తకం వైపు చూసింది. తర్వాత నా వైపు చూసి ఏదో చెప్పబోయింది.

"అ... అ... అ..."

మెడ నరం లేచింది. చుట్టూ నలుగురు చూస్తున్నారు. నా నోరు దానంతటదే కదిలింది.

"అయివారా?" అని అందించాను.

ఆమె నోరు మూసుకుంది. నన్ను చూసిన చూపులో కోపం కూడా లేదు. ఈ మనిషి ఇంకా తెర పక్కనే నిలబడి ఉన్నాడని తెలుసుకున్న చూపు. చెంబు ఎత్తి, మిగిలిన నీళ్ళు చేతి మీద పోసుకుని, కొంగుతో తుడుచుకుంటూ పోయింది. ఆ మాట ఏమిటో ఇక నాకు తెలియదు.